తేల్చి చెప్పని క్లయింటుకు చిన్న పెయిడ్ పైలట్ ఎలా ప్రతిపాదించాలి?

ప్రశ్న: మాది చిన్న టీమ్. కంపెనీలకు వచ్చే సప్లయర్ బిల్లులు సరిచూసి వాళ్ల అకౌంట్స్ సిస్టమ్‌లో ఎక్కించే పని చేస్తాం. ఒక కంపెనీ ఫైనాన్స్ హెడ్ మాతో చాలాసార్లు మాట్లాడారు. అంతా బాగుందంటారు, చివరికి "చూద్దాం" అంటారు. చిన్న పైలట్ చేద్దామని అడగాలనుకుంటున్నాను. డబ్బు అడగాలా, ఊరికే చేసిపెట్టాలా? ఎంత పని తీసుకోవాలి, ఎన్నాళ్లు చేయాలి, సక్సెస్ అయిందని ఎలా తేల్చాలి?

సమాధానం:

డబ్బు అడగండి. కానీ ఆ సంగతి తర్వాత. ముందు ఆయన "చూద్దాం" వెనక ఏముందో కనుక్కోండి. ఎందుకంటే పైలట్ ఒకే ఒక రకం సందేహాన్ని తీర్చగలదు: "ఇది మా దగ్గర పనిచేస్తుందా?" ఈ ఏడాదికి బడ్జెట్ లేకపోయినా, ఇంకొకరితో అగ్రిమెంట్ నడుస్తున్నా, పైవాళ్లకు ఇష్టం లేకపోయినా, మీరు ఎంత బాగా చేసి చూపించినా జవాబు మారదు. కాబట్టి సూటిగా అడగండి: "సార్, ఒక్క విషయం చెప్పండి. వచ్చే నెల నుంచే ఇది మొదలైందనుకుందాం. మీకు నిద్ర పట్టనివ్వని విషయం ఏమవుతుంది?" రేటు గురించి మాట్లాడితే అది బేరం, పైలట్‌తో పని లేదు. "మా ఎండీ గారు ఒప్పుకోవాలి" అంటే ఆ ఎండీ గారిని కలవాలి. "తప్పులు పడితే ఎవరు చూసుకుంటారు? మా వాళ్లే మళ్లీ అన్నీ చెక్ చేసుకోవాల్సి వస్తే మాకేం ఒరిగింది?" అంటే, అప్పుడు పైలట్ పనికొస్తుంది.

మీ రంగంలో నేను ఎక్కువగా విన్న భయం ఈ మూడోదే. అందుకే అదే భయంతో ఒక ఉదాహరణ తీసుకుని పూర్తిగా నడిపించి చూపిస్తాను. అంకెలు అర్థం కావడానికి నేను పెట్టుకున్నవి. మీవి మీరు వేసుకోండి.

కంపెనీకి మూడు గోడౌన్లు, నెలకు 1,500 సప్లయర్ బిల్లులు అనుకుందాం. చాలామంది ఇక్కడ "ఒక నెల మొత్తం మాకివ్వండి, చేసి చూపిస్తాం" అంటారు. అవతలి మనిషికి అది పైలట్‌లా వినబడదు, అగ్రిమెంట్ లేకుండా పని అప్పగించడంలా వినబడుతుంది. అందుకని కత్తిరించాలి. ఒక గోడౌన్ చాలు. అందులోనూ పర్చేజ్ ఆర్డర్ ఉన్న బిల్లులు మాత్రమే. ఆర్డరు లేని బిల్లులు, రవాణా బిల్లులు, విదేశీ కరెన్సీ బిల్లులు పైలట్‌లోకి రావు. అలా చూస్తే నెలకు సుమారు 400 బిల్లులు మిగులుతాయి.

రవాణా బిల్లులు ఎందుకు వదిలేశామంటే, వాటిలో వచ్చే గొడవలకు ఎక్కువగా కారణం ఎక్కించేవాళ్లు కాదు. సరుకు తూకంలో తేడా, వెయిటింగ్ చార్జీలు, ఎవరు ఒప్పుకున్నారో తెలియని అదనపు మొత్తాలు. అవి కలిస్తే మీ పనితనం ఎంత, వాళ్ల పద్ధతిలో లోపం ఎంత అన్నది ఎవరికీ తేలదు. అలాగని మరీ తేలికైనవి ఏరుకోవద్దు. ప్రతినెలా ఒకేలా వచ్చే కరెంటు బిల్లులూ అద్దె బిల్లులూ తీసుకుని తప్పుల్లేకుండా చేశామంటే ఫైనాన్స్ హెడ్ మర్యాదగా నవ్వి ఊరుకుంటారు. ఆయన భయం ఎక్కడుందో ఆ బిల్లులు పైలట్‌లో ఉండాలి. ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు వెళ్తుందేమో అన్నది ఆయన బెంగ అయితే, ఒకే సప్లయర్ నుంచి విడతలుగా సరుకు వచ్చే గోడౌన్‌నే అడిగి తీసుకోండి. డబుల్ పేమెంట్లు తలెత్తేది అలాంటి చోటే.

వ్యవధికి వాళ్ల పని చక్రాన్ని చూడండి. అకౌంట్స్‌కు నెలాఖరు ఒక పరీక్ష. అప్పటిదాకా మెల్లగా వచ్చే బిల్లులు చివరి నాలుగైదు రోజుల్లో గుట్టలుగా పడతాయి. ఆ రోజులు లేని పైలట్‌లో ఫలితం ఎంత బాగా వచ్చినా "అసలు రద్దీలో చూడలేదుగా" అన్న మాట మిగిలిపోతుంది. అందుకని మొత్తం ఆరు వారాలు పెట్టండి. మొదటి వారం సిస్టమ్ యాక్సెస్, సప్లయర్ల జాబితా, వాళ్ల ఎంట్రీ పద్ధతి నేర్చుకోవడం. తర్వాత నాలుగు వారాలు అసలు పని, అందులో ఒక నెలాఖరు తప్పనిసరి. చివరి వారం లెక్క చూసుకుని నిర్ణయం చెప్పడం. మూడు నెలల పైలట్ అడిగితే ఒప్పుకోకండి. మూడు నెలల్లో అడిగినవాళ్లు వేరే పనుల్లో పడతారు, అవతల మనుషులు మారతారు, పైలట్ అన్న మాట మరుగున పడి అరకొర రేటుకు రోజువారీ పనిగా స్థిరపడిపోతుంది.

ఇక సక్సెస్ కొలత. ఎక్కువ పైలట్లు చెడేది ఇక్కడే కాబట్టి దీనిమీద కొంచెంసేపు ఉంటాను.

"క్వాలిటీ మెరుగుపడాలి", "టీమ్‌కు సంతృప్తి కలగాలి" లాంటివి కొలతలు కావు. చివరి మీటింగులో ఎవరి మూడ్‌ను బట్టి వాళ్లు మాట్లాడతారు. ఒకే ఒక అంకె కావాలి, అది ఆయన భయానికి సూటిగా తగలాలి. మన ఉదాహరణలో ఆ అంకె: మొదటిసారి ఎక్కించిన తర్వాత వాళ్ల మనిషి దిద్దాల్సి వచ్చిన బిల్లులు ఎన్ని. తప్పు అంటే ఏమిటో కూడా రాసుకోవాలి. సప్లయర్ పేరు, బిల్లు నంబరు, మొత్తం, పన్ను, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తేడా ఉన్నా ఆ బిల్లు తప్పు. ఒకే బిల్లులో రెండు తేడాలున్నా ఒక తప్పే. సప్లయరే బిల్లు తప్పుగా పంపితే అది మన లెక్కలోకి రాదు. కాపీ చదవడానికి వీల్లేకుండా ఉంటే ఒక రోజులోపు వెనక్కి పంపుతాం, వాటిని విడిగా లెక్కపెడతాం. ఈ చివరి రెండు వాక్యాలు ముందే రాసుకోకపోతే ఆఖరి వారం మొత్తం "ఇది ఎవరి తప్పు" అన్న వాదనతోనే గడుస్తుంది.

తర్వాత, ఇప్పుడు వాళ్ల దగ్గర పరిస్థితి ఎలా ఉందో తెలియాలి. మీ అంకెను దేనితో పోల్చాలి మరి? ఆ గోడౌన్ నుంచి పోయిన నెలలో వచ్చిన బిల్లుల్లో 200 ఎలా పడితే అలా తీయించి, ఇవే నాలుగు విషయాలు చూడమనండి. ఒక చిక్కు ఉంది. పాత ఎంట్రీల్లో చాలా తప్పులను ఈపాటికి ఎవరో ఒకరు దిద్దేసి ఉంటారు. ఇప్పుడు తెరమీద కనిపించేది దిద్దిన తర్వాతి రూపం. దాన్ని చూసి లెక్కేస్తే వాళ్ల తప్పులు దాదాపు సున్నా అని వస్తుంది, మీరు ఎంత బాగా చేసినా దానికంటే తక్కువగానే కనబడతారు. అందుకని సిస్టమ్‌లో మార్పుల చరిత్ర తెరిచి, మొదటి ఎంట్రీ ఏమిటో చూడాలి. మన ఉదాహరణలో 200లో 11 బిల్లులు దిద్దినవి తేలాయనుకుందాం. అంటే నూటికి అయిదున్నర.

ఈ లెక్క పైలట్‌కు ముందే, వాళ్ల ఆఫీసులో, వాళ్ల తెరమీదే, అకౌంట్స్ సీనియర్‌తో కూర్చుని చేయండి. ఒక పూట పని. గోప్యత ఒప్పందం మీద ముందు సంతకం చేయండి. ఈ పూటకు డబ్బు అడగొద్దు, ఇది మీ అమ్మకంలో భాగం. ఎవరు ఎక్కించిన బిల్లులో తప్పు ఉందో పేర్లు రాయొద్దు. ఆ సీనియర్‌కు తన మనుషుల తప్పులు బయటపెట్టడానికి వచ్చారనిపిస్తే, ఆరు వారాలూ మీకు ఫైళ్లు ఆలస్యంగానే అందుతాయి. ఇంకో లాభం కూడా ఉంది. 200 పాత బిల్లులు చూపించడానికే నెలరోజులు తాత్సారం చేసే కంపెనీ 400 కొత్త బిల్లులు టైముకు ఇవ్వదు. అది మీకు ముందే తెలిసిపోతుంది.

ఇప్పుడు గీత గీయాలి. వాళ్లది నూటికి అయిదున్నర అయితే మీరు నూటికి రెండు అనండి. అంటే 400 బిల్లుల్లో 8 లేదా అంతకంటే తక్కువ. "సున్నా తప్పులు" అని మాత్రం మాట ఇవ్వొద్దు. రెండో రోజే ఒక పన్ను అంకె తారుమారైతే పైలట్ అక్కడితో అయిపోయినట్టే.

బిల్లుల సంఖ్య గురించి ఒక మాట. "50 బిల్లులతో చూద్దాం" అని ఆయన అనొచ్చు. వాళ్ల రేటు ప్రకారం 50 బిల్లుల్లో రెండు మూడు తప్పులు ఉంటాయి. మీ పని వాళ్ల పనికంటే ఏమాత్రం మెరుగ్గా లేకపోయినా, కేవలం అదృష్టం కలిసొచ్చి ఒక్క తప్పుతోనో అసలు తప్పే లేకుండానో బయటపడే అవకాశం దాదాపు నాలుగింట ఒకటి. అంటే ఆ ఫలితం ఎవరికీ ఏమీ చెప్పదు. 400 బిల్లులైతే వాళ్ల రేటున 22 దాకా తప్పులు రావాలి. అక్కడ 8 వచ్చాయంటే అది అదృష్టమని ఎవరూ అనరు. ఆయనకు ఇదంతా చెప్పనక్కర్లేదు. "50లో ఒకటి తక్కువ వచ్చినా, ఒకటి ఎక్కువ వచ్చినా మీకు నమ్మకం కుదురుతుందా సార్?" అని అడిగితే చాలు.

ఆ ఒక్క అంకెకు తోడుగా ఒక కాపలా అంకె పెట్టండి. తప్పులు తగ్గించడానికి సులువైన మార్గం నింపాదిగా చేయడం కాబట్టి, "అందిన బిల్లుల్లో నూటికి 95 రెండో పనిదినం ముగిసేలోపు ఎక్కి ఉండాలి" అన్నది కూడా రాయండి. ఇంక మూడోది వద్దు. అయిదారు కొలతలు పెట్టిన పైలట్‌లో కొన్ని బాగా వస్తాయి, కొన్ని రావు, మళ్లీ "చూద్దాం" దగ్గరికే వస్తారు.

తప్పులు లెక్కపెట్టేది వాళ్ల మనిషే కావాలి, మీరు కాదు. పాత బిల్లులు చూసిన మనిషే కొత్తవీ చూడాలి. మనిషి మారితే చూపు మారుతుంది, పోలిక చెడుతుంది. వాళ్లకు దీనివల్ల పని పడుతుందన్నది కూడా దాచకండి. పనిదినానికి 20 బిల్లులు, ఒక్కోదానికి రెండు నిమిషాలు, రోజుకు 40 నిమిషాలు. "మీ సీనియర్ గారి టైము రోజుకు ముప్పావు గంట కావాలి, నాలుగు వారాలు" అని కాగితం మీద పెట్టండి. దానికి ఒప్పుకోకపోతే ఇప్పుడే తెలియడం మంచిది.

మీ వైపు నుంచి ఒక జాగ్రత్త. పైలట్‌కు మీ టీమ్‌లో అందరికంటే గట్టి మనిషిని వేసి, అగ్రిమెంట్ అయ్యాక కొత్తవాళ్లకు అప్పగించే అలవాటు ఈ రంగంలో బాగా ఉంది. మొదటి నెలలోనే తప్పులు మూడింతలైతే ఆ ఫైనాన్స్ హెడ్ మిమ్మల్ని నమ్మి తన వాళ్ల ముందు చిన్నబోతారు. తర్వాత ఆ పని ఎవరు చేస్తారో వాళ్లనే ఇప్పుడూ కూర్చోబెట్టండి.

ఇక డబ్బు. ఊరికే చేసే పైలట్‌కు కంపెనీలో ఎవరూ సంతకం పెట్టక్కర్లేదు. సంతకం లేని పనికి ఫైళ్లు పంపే మనిషి దొరకడు, యాక్సెస్ ఇవ్వడానికి ఐటీ వాళ్లకు తీరిక ఉండదు, చివర్లో ఫలితం వినడానికి ఎవరూ రారు. చిన్న మొత్తమైనా బడ్జెట్‌లోంచి బయటికి వెళ్తే అది దేనికి వెళ్లిందో అడిగేవాళ్లుంటారు. మీకు కావాల్సింది ఆ అడిగేవాళ్లే.

ఎంత అడగాలి? మొదట ఒక ప్రశ్న: "పైవాళ్ల దగ్గరికి వెళ్లకుండా మీ సంతకంతో ఎంతవరకు అవుతుంది సార్?" జవాబు వచ్చాక పైలట్ మొత్తాన్ని దానికి లోపల ఉంచండి. ఆ పరిమితిలో 400 బిల్లులు పట్టకపోతే బిల్లు రేటు తగ్గించకండి, మొదటి వారం సెటప్ చార్జీ తగ్గించుకోండి. ఎందుకంటే బిల్లుకు మీరు ఇప్పుడు చెప్పే రేటే రేపు పెద్ద అగ్రిమెంట్‌కు ప్రారంభ రేటు అవుతుంది. పైలట్ కదా అని సగానికి ఇస్తే, తర్వాత మామూలు రేటు ఆయనకు "రెట్టింపు చేశారు" అన్నట్టు కనబడుతుంది. ఏదో ఒక తగ్గింపు ఇవ్వాలనిపిస్తే ఇలా ఇవ్వండి: నిర్ణయం చెప్పిన 30 రోజుల్లో పూర్తి అగ్రిమెంట్ అయితే సెటప్ చార్జీని మొదటి నెల బిల్లులో తగ్గిస్తాం.

సగం అడ్వాన్స్, సగం అసలు పని మొదలైన నాలుగో వారం చివర. రెండో సగాన్ని ఫలితానికి ముడిపెట్టొద్దు. "అంకె రాకపోతే డబ్బు వాపసా?" అని అడుగుతారు. ఇవ్వొద్దని నా అభిప్రాయం. వాపసు షరతు పెడితే తప్పులు లెక్కపెట్టే ఆ సీనియర్ మీద, మీ మీద, ఇద్దరి మీదా ఒత్తిడి పడుతుంది, ప్రతి బిల్లూ తగువవుతుంది. దాని బదులు బయటికి వెళ్లే దారి ఇవ్వండి: అసలు పని మొదలైన రెండు వారాల తర్వాత ఆయన కారణం చెప్పకుండా ఆపేయొచ్చు, అప్పటిదాకా చేసిన బిల్లులకే డబ్బు. జంకే మనిషికి డబ్బు వాపసు కంటే ఆపేసే స్వేచ్ఛే ఎక్కువ ధైర్యాన్నిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఫలితం వచ్చాక ఏం చేస్తామన్నది మొదలుపెట్టకముందే రాసుకోవడం. ఒక పేజీ ఉత్తరం చాలు. మన ఉదాహరణకు అందులోని అసలు భాగం దాదాపు ఇలా ఉంటుంది:

"రెండో గోడౌన్‌కు వచ్చే, పర్చేజ్ ఆర్డర్ ఉన్న సప్లయర్ బిల్లులను నాలుగు వారాలపాటు, సుమారు 400, మేము సరిచూసి మీ సిస్టమ్‌లో ఎక్కిస్తాము. ప్రతి ఎంట్రీని మీ సీనియర్ అకౌంటెంట్ చూసి, దిద్దాల్సి వచ్చినవి ఉమ్మడి షీట్‌లో నమోదు చేస్తారు. దిద్దినవి 8 లేదా తక్కువ ఉండి, నూటికి 95 బిల్లులు రెండో పనిదినంలోపు ఎక్కితే, మూడు గోడౌన్ల పనినీ జతచేసిన రేటు ప్రకారం ఏడాదికి మాకు అప్పగిస్తారు. దిద్దినవి 9 నుంచి 16 మధ్య ఉంటే, లేదా టైము కొలత తప్పితే, కారణం సరిచేసి మరో రెండు వారాలు మా ఖర్చుతో, ఒక్కసారి మాత్రమే, చేస్తాము. ఆ రెండు వారాల్లో అదే టైము కొలతతో, సుమారు 200 బిల్లులకు 4 లేదా తక్కువ దిద్దుబాట్లు ఉండాలి. 16 దాటితే అక్కడితో ఆపేసి, మీ డేటా తిరిగి ఇచ్చి మా దగ్గర తుడిచేస్తాము. నిర్ణయ సమావేశం ఆరో వారం గురువారం. మీరూ, మీ సీనియర్ అకౌంటెంట్ గారూ హాజరవుతారు."

"అప్పగిస్తారు" అన్న మాట దగ్గర ఆయన ఆగుతారు. "పరిశీలిస్తాం అని రాద్దాం" అంటారు. అక్కడ తొందరపడి ఒప్పుకోకండి. "అంకె వచ్చాక కూడా ఇంకేమైనా అడ్డు ఉంటుందా సార్? ఉంటే ఇప్పుడే చూసుకుందాం" అనండి. ఒకోసారి అప్పుడే అసలు సంగతి బయటపడుతుంది: ఏడాది అగ్రిమెంట్‌కు బోర్డు అనుమతి కావాలనో, లీగల్ వాళ్లు చూడాలనో. అది నిజమైన అడ్డే. దాన్ని పైలట్ నడుస్తున్న ఆరు వారాల్లోనే సమాంతరంగా నడిపించండి, అగ్రిమెంట్ ముసాయిదా మొదటి వారంలోనే లీగల్‌కు వెళ్లాలి. అడ్డేమీ లేదంటూనే ఆ మాటకు, ఆ తేదీకి ఒప్పుకోకపోతే ఆయన జంకడం లేదు, కాదని చెప్పలేకపోతున్నారు. అలాంటప్పుడు పైలట్ మొదలుపెట్టకండి.

మొదలయ్యాక ప్రతి వారం పదిహేను నిమిషాల కాల్, అందులో షీట్‌లోని అంకె ఒక్కటే. రెండు కాల్స్‌కు వరసగా ఫైనాన్స్ హెడ్ రాకపోతే మూడో వారంలోనే ఆయన్ను విడిగా పట్టుకోండి. బిల్లులు ఆలస్యంగా అందుతుంటే అందిన తేదీ, టైము షీట్‌లో పడుతూ ఉండాలి, లేకపోతే టైము కొలత మీ మీదికొస్తుంది. మూడో వారానికి "ఈ రవాణా బిల్లులు కూడా ఒక చెయ్యి వేయండి" అని ఎవరో ఒకరు అడుగుతారు. అది మంచి లక్షణమే, పని నచ్చిందన్నమాట. అయినా ఆ లెక్కలో కలపకండి. "తప్పకుండా సార్, గురువారం మీటింగులో దాని రేటు, కొలత కూడా పెట్టుకొస్తాను" అని రాసిపెట్టుకోండి.